ఎడమచేతి తూకం

మా మామయ్య భూమయ్యతో వేగడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నం మా నాంపల్లి ఇంట్లో కూర్చుంటే చాలు. ఇంట్లో ఫ్యాను ఉంది. నా పెళ్లికి మా నాన్న సెక్రటేరియట్ అప్పు పెట్టి కొనిచ్చిన ఫ్యాను. దాన్ని తిరగనివ్వడు. గాలికి బంగారం తూచే త్రాసు పళ్లెం ఊగుతుందట. త్రాసు పెట్టెలో పెట్టి తాళం వేసినా తిరగనివ్వడు, అలవాటైతే రేపు తూకం వేళ కూడా అడుగుతామట. తుమ్మొస్తే బయటికి వెళ్లి తుమ్మాలి. తలుపు గట్టిగా వేయకూడదు. పోపులో మిరపకాయ వేసే ముందు చెప్పాలి, దగ్గొస్తే ఊపిరికి తూకానికి వేసిన గురిగింజ కదులుతుందని. ఇంత జాగ్రత్త గల మనిషి ఇప్పుడు అబిడ్స్ తార్ ఆఫీసు బల్ల మీద నా పక్కన కూర్చుని, నెత్తి మీద పెద్ద ఫ్యాను గరగరా తిరుగుతుంటే కళ్లు మూసుకుని హాయిగా గాలి పీలుస్తున్నాడు. ఒళ్లో గుడ్డసంచి. అందులో త్రాసు. బొంబాయికి టెలిఫోన్ చెయ్యడానికి త్రాసెందుకు మామయ్యా అని రిక్షాలోనే అడిగాను. "ఉండనియ్యి బిడ్డా, మాట్లాడేటప్పుడు చేతిల ఉంటె మంచిది" అన్నాడు. ఫోన్లో చూపిస్తాడు కాబోలు అనుకుని కిటికీ వైపు, అంటే రిక్షాకి కిటికీ ఉండదు కదా, గాంధీభవన్ వైపు ముఖం తిప్పుకుని నవ్వుకున్నాను. రెండేళ్లలో నేను నవ్వింది తక్కువే. అందుకని దాచుకోలేదు పెద్దగా.

ట్రంకాల్ బుక్ చేసి గంట కావస్తోంది. మా ఆయన పనిచేసే చోట ఫోన్ లేదు, పక్కన మిఠాయి దుకాణంలో ఉంది. ముందు వాళ్లకి లైను కలవాలి, వాళ్లు కుర్రాణ్ణి పంపాలి, ఈయన కుంపటి దగ్గర నుంచి లేచి చేతులు కడుక్కుని రావాలి. చేతులు కడుక్కున్న నీళ్లు కూడా పారబోయరు అక్కడ, బంగారం పొడి ఉంటుంది, తొట్లో పట్టుకుంటారు. నాకివన్నీ పెళ్లయ్యాక తెలిసినవి. మేమూ ఆ కులమే, కానీ మా నాన్న పెన్ను పట్టిన కంసాలి. యాభై ఆరులో గుంటూరు నుంచి ఫైళ్లతోపాటు బదిలీ అయి వచ్చాడు. నేను కోఠీ కాలేజీలో బీయస్సీ. పెళ్లికొడుకు పేరు పెంటయ్య అని చెబితే నా స్నేహితురాళ్లు మూడు రోజులు నవ్వారు. ముందు పుట్టిన వాళ్లు దక్కకపోతే ఈ పిల్లవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి తీసుకుని ఆ పేరు పెట్టుకున్నారని మా అత్తయ్య వీరమ్మ తర్వాత చెప్పింది. కంసాలి ఇంట్లో ఊడ్చిన పెంటని కూడా కొనుక్కుని కడిగే వాళ్లుంటారు, అందులో బంగారం ఉంటుందని. కాబట్టి పేరేం తప్పు లేదు. ఆ మాట స్నేహితురాళ్లకి చెప్పాలనుకున్నాను, వాళ్లెక్కడెక్కడో ఉన్నారు ఇప్పుడు. కౌంటరులో గుమాస్తా ఇందాక రసీదు మీద రాస్తూ "పేరు ఏమన్నారూ?" అని రెండోసారి అడిగాడు. మామయ్య "పెంటయ్య. పెంటయ్య చారి. రాస్కో" అన్నాడు గట్టిగా. రెండేళ్ల తర్వాత ఆ నోట కొడుకు పేరు. నేను గోడ మీద గడియారం చూశాను, ఏదో ఒకటి చూడాలి కదా.

ఏం మాట్లాడతాడో చెప్పలేదు. అదీ నా బాధ. "చీర మార్చుకో, తార్ ఆఫీసుకు పోదాం" అన్నాడంతే పొద్దున. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తాడు. దుకాణం సంగతులని గుమాస్తాతో అన్నాడు. దుకాణం సంగతులైతే కార్డు ముక్క చాలు. మా ఆయన వెళ్లేటప్పుడు గడపలో నిలబడి తండ్రితో ఒక్కటే మాటన్నాడు, "నేను తియ్యలేదని నీ నోటితోని చెప్పేదాంక ఈ గడప తొక్క." చెప్పు బిగించుకుంటూ అన్నాడు, ఎడమచేత్తో. ఎవరో వేరే మనిషిని పంపో, ఉత్తరం రాసో, తల్లి చేత కబురు పెట్టించో కాదు. నోటితో. ఆ నోరు నా పక్కనే ఉంది ఇప్పుడు, వక్క నములుతోంది. అది తెరుచుకుని నాలుగు మాటలంటే నా మనిషి ఇంటికొస్తాడు. అనకపోతే రాడు. గట్టిగా తూచినా ఇంతే నా జీవితం.

మా ఆయనది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేతిని నడుముకి గుడ్డతో కట్టేసి కుడిచేత్తో తిండి నేర్పించారట. తిండి వచ్చింది, రాత వచ్చింది, పని మాత్రం రాలేదు. సుత్తి, ఆకురాయి, పటకారు అన్నీ ఎడమ చేతిలోనే నడిచేవి. మెడలో మూడు ముళ్లు వేసేటప్పుడు మొదటి ముడికి ఎడమచెయ్యి ముందుకొచ్చింది, పంతులు కసిరాడు, నాకు మెడ మీద ఆ వేళ్లు ఆగడం తెలిసింది, వెనక్కి వెళ్లడం తెలిసింది, కుడివి రావడం తెలిసింది. రెండు చేతులతో కట్టించుకున్న పెళ్లి నాది. ఆదివారాలు ఇదే అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూసేవాళ్లం. నేను ఒంగి వెతుకుతుంటే ఆయన నిలబడేవాడు, నేను కొన్న పుస్తకాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఆడించి "ఇరవై మూడు తులాలు" అనేవాడు. పుస్తకాలమ్మే తాత నవ్వేవాడు. "చదివినంక బరువు పెరుగుతదా?" అని మా ఆయన అడిగేవాడు నన్ను. అప్పుడు, బీయస్సీ కదా, పెరగదు అన్నాను. ఇప్పుడు అడిగితే వేరే చెబుతాను.

"నాసిక్! నాసిక్ పార్టీ రండి!" గుమాస్తా అరిచాడు. మామయ్య లేచాడు. మనది కాదు మామయ్యా, కూర్చోండి. కూర్చున్నాడు. సంచి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ త్రాసు నా చేతికెలా వచ్చింది? మా ఆయన వెళ్లిన తర్వాత ఓ పొద్దున మామయ్య పిలిచి "అమ్మా కామాక్షి, జర ముల్లు చూడు" అన్నాడు. త్రాసు దండె నడుమ నిలబడే సన్నటి ముల్లు, అది చట్రంలో నిటారుగా నిలిస్తే తూకం సరి. పెద్ద కాటా ముల్లు కాదు, పేలు తీసే దువ్వెన పన్నంత ఉంటుంది. ఎందుకు నన్ను చూడమంటున్నాడో నాకు అర్థమైంది, ఆయన కంటి మీద పొర కమ్ముతోంది. ఇంట్లో ఆ మాట ఎవరం అనలేదు. ఆయన వెలుతురు తక్కువుందన్నాడు, నేను కిటికీ తెరిచాను, ఎండ మొహం మీద పడింది, అయినా వెలుతురు తక్కువే అన్నాడు. సరే అని ముల్లు చూశాను. అలా మొదలు. పద్నాలుగు క్యారెట్ల రూలు పెట్టి సర్కారు సగం మంది కంసాలుల చేత రిక్షాలు తొక్కించి, ఆ రూలు మళ్లీ సడలించి, పని అప్పుడప్పుడే తిరిగొస్తున్న రోజులు. చేసే చెయ్యి బొంబాయిలో ఉంది. చూసే కన్ను ఆరిపోతోంది. మిగిలింది కోడలు.

ముందు కంటితో, తర్వాత త్రాసుతో, అదీ ఆయన పద్ధతి. బొగ్గు గుంటలో చిన్న బంగారం ముక్క పెట్టి ఊదుగొట్టంతో దీపం మంటని దాని మీదికి ఊదేవాడు. అది ఎర్రబడి, ముడుచుకుని, ఒక్కసారిగా గుండ్రంగా చుట్టుకుని, కన్నులా మెరిసేది. చల్లారాక నా ముందు గచ్చు మీద పెట్టేవాడు. "ఎంత?" చిన్న బరువులకి గురిగింజలు. ఎనిమిది గింజలు మాసా, పన్నెండు మాసాలు తులం. సర్కారు గ్రాముల బిళ్లలు డబ్బాలో మెరుస్తూ ఉండేవి, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బయటికి తీసేవాళ్లం, కొత్త అల్లుడికి చూపించే కప్పుల్లాగా. నేను మొదటి రోజు గుండుని చూసి ఒక మాసా అన్నాను. తూచితే ఒకటిన్నర. రెండోది దానికి రెండింతల వెడల్పు, కాబట్టి మూడు మాసాలు అన్నాను, కాలేజీ గొంతుతో. ఆయన త్రాసు ఎత్తాడు. ఒక్కొక్క మాసా పడుతూనే ఉంది, పడుతూనే ఉంది, పన్నెండు దగ్గర ముల్లు నిలిచింది. "రెండింతల వెడల్పంటె రెండింతల పొడుగు, రెండింతల ఎత్తు గూడ కాదా? కన్ను ముంగట పక్కనే చూస్తది. ఎనకపక్క, కిందపక్క నువ్వు మనసుల చూడాలె." ఘనపరిమాణం గురించి పరీక్షలో రాసి పాసయినదాన్ని. అరచేతిలో ఆ గుండు పెట్టుకుంటే తెలిసింది, రాసింది నేను, చదివింది ఇంకెవరో.

తర్వాత మోసాలు నేర్పాడు. మెరుగు పెట్టింది పెద్దగా కనిపిస్తుంది, మాసినది చిన్నగా. రేకు కొట్టి వెడల్పు చేస్తే పిసినారి కూడా రాజులా అగుపిస్తాడు. బోలు గాజులో లక్క పోసి ఉంటే చేతికి బరువే, కానీ బంగారం బరువు కాదు, గోటితో తడితే చప్పుడు చెబుతుంది. అరచేతి గుంటలో కాదు, వేళ్ల మొదట్లో పెట్టుకో, అక్కడ చర్మం ఎక్కువ వింటుంది. తెలిసిన తూకం ఒక చేతిలో, తెలియనిది ఇంకో చేతిలో, కళ్లు మూసుకో. వేడి మీద తూయకు, వేడి పైకి లేస్తుంటే పళ్లెం కూడా తేలుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. నేను ఓసారి తొందరపడి తూచితే "సల్లారనియ్యి బిడ్డా. కోపంల ఉన్న మనిషిని, వేడి మీద ఉన్న బంగారాన్ని తూచొద్దు" అన్నాడు. అని, వెంటనే వేరే పని ఏదో గుర్తొచ్చినట్టు లేచిపోయాడు. మా అత్తయ్య తలుపు చాటు నుంచి నన్ను చూసింది. ఆ పూట చారులో ఉప్పు రెండుసార్లు పడింది, ఎవరు ఎప్పుడు వేశామో తేల్చుకోలేదు.

ఆ రోజు కూడా వేడి మీదే తూచాడు ఆయన, కొడుకుని. వామన్‌రావుగారని ఖైరతాబాద్‌లో ఆఫీసరు, కూతురి పెళ్లికి పాత నగలు కరిగించి మెడలోకి నాను చెయ్యమని తెచ్చాడు. మామయ్య ఆ పూట ఊళ్లో లేడు, మేనకోడలి పెళ్లికి వెళ్లాడు. మా ఆయనే తూచి తీసుకున్నాడు, ఎనిమిది తులాలు. నెల రోజులు కూర్చుని చేశాడు. పని పూర్తయ్యాక మామయ్య నానుని చేతిలోకి తీసుకుని చూసి "తక్కువున్నది" అన్నాడు. చూపుతోనే పట్టానని ఇప్పటికీ అంటాడు. ఎనిమిది తులాల నానులో ఆరు గింజలు తగ్గితే చూసి చెప్పగలిగే కన్ను దేవుడికి కూడా లేదని నా అనుమానం, కానీ అప్పటికి నేను కొత్త కోడల్ని, దేవుడి తరఫున మాట్లాడలేదు. త్రాసు ఎత్తాడు. ఒప్పుకున్న తరుగు పోను ఆరు గింజలు తక్కువ. మళ్లీ తూచాడు. ఆరే. "నా తండ్రి పట్టిన త్రాసు ఇది. నా కన్ను చెప్పింది, త్రాసు చెప్పింది. ఇగ నువ్వు చెప్పు, ఏడ వోయింది?" మా ఆయన తెల్లబోయి చూశాడు. "నాకెరుక లేదు నాయినా." "బంగారానికి రెక్కలొచ్చినయా?" "దొంగనంటున్నవా?" మామయ్య పళ్లెంలోంచి ఒక్కొక్క గింజా తీసి డబ్బాలో వేశాడు. టప్పు, టప్పు అని. వామన్‌రావుగారికి ఆరు గింజలూ సొంతంగా కలిపి ఇచ్చాడు, ఆయన మా నిజాయితీని వీధంతా మెచ్చుకుంటూ వెళ్లాడు. ఆ సాయంత్రం బండికి మా ఆయన నాంపల్లి స్టేషనుకి వెళ్లాడు. నేను వెంట వెళ్లలేదు, వెళ్తే ఏడుస్తానని తెలుసు. బండి కూత మాత్రం ఇంట్లోకి వినిపిస్తుంది. ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది, నేను ఆ వేళకి మసాలా నూరుతుంటాను, రోలు చప్పుడు చేస్తుంది కాబట్టి.

రెండేళ్లు. బొంబాయి నుంచి అత్తయ్యకి కార్డులొస్తాయి, కింద చివరి వరుసలో "కామాక్షి బాగున్నదనుకుంటా" అని ఉంటుంది. అనుకుంటా. నేనూ అనుకుంటూ ఉంటాను. ఆయన రమ్మని రాయొచ్చు, నేను వెళ్లిపోవచ్చు, కానీ ఒక గదిలో ఆరుగురు కంసాలులు పడుకునే చోట నాకెక్కడ చోటు? అందుకని గుండ్లు చూసుకుంటూ కూర్చున్నాను. బరువు చెప్పడం రోజురోజుకీ దగ్గరికొచ్చేది, అరగింజ తేడా వరకు వచ్చింది చిన్నవాటిలో. ఆ చూపు వచ్చాక ఓ చిక్కు, దేన్ని చూసినా తూచబుద్ధయ్యేది. కూరగాయల తోపుడుబండి వాడి వేలికి ఉన్న వెండి ఉంగరం, పక్కింటామె ముక్కుపుడక, సాయంత్రం కిటికీ ఊచ మీద వాన చుక్క. తలగడ పక్క చోటు కూడా. అక్కడ ఎవరూ లేకపోతే ఎంత బరువుంటుందో కంటితో చెప్పగలను, త్రాసు అక్కర్లేదు.

"కాఫీ తాగుతవా బిడ్డా?" అన్నాడు మామయ్య హఠాత్తుగా. వద్దు, పిలిస్తే మనం లేకపోతే? "ఔ" అన్నాడు. ఒక క్షణం ఆగి, "వాడు చాయే తాగుతడు. కాఫీ తాగడు" అన్నాడు. నాకు తెలియదా. అయినా మొదటిసారి వింటున్నట్టు ఆ వైపు తిరిగాను.

చెయ్యి కాలకపోతే ఏమయ్యేదో. గంజి వారుస్తుంటే మూత జారి కుడి బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కాయి. ముందు రోజే గౌలిగూడ నాగరత్నంగారు మరమ్మతుకిచ్చిన కంటె నేనే తూచాను, మామయ్య పక్కన కూర్చున్నాడు. కంటె ఎడమ పళ్లెంలో, బరువులు కుడి పళ్లెంలో, ఆరు తులాలకి రెండు గింజలు తక్కువ. ఎప్పుడూ అంతే కదా, త్రాసు ఎడమచేత్తో ఎత్తిపట్టుకుంటాం, కుడిచేత్తో బరువులు వేస్తాం, చెయ్యి దగ్గరున్న పళ్లెంలో బరువులు పడతాయి, దూరంది బంగారానికి. మామయ్య అంతే, వాళ్ల నాన్నా అంతేనట. కాలిన మర్నాడు ఆమె మళ్లీ వచ్చి ఒకసారి తన ముందు తూచి చూపమంది, అనుమానం కాదు, ముచ్చట. కుడి వేళ్లతో గింజ పట్టుకోలేను. త్రాసు ఉంగరాన్ని కుడిచేతి నడిమివేలికి తగిలించి, ఎడమచేత్తో ఎడమ పళ్లెంలో బరువులు వేశాను. కంటె కుడివైపు పోయింది. ఆరు తులాల మీద రెండు గింజలు, ఇంకా రవ్వంత. నాగరత్నంగారు సంతోషించి వెళ్లిపోయింది. నేను కూర్చుండిపోయాను. బంగారం రాత్రికి రాత్రి పిల్లల్ని పెట్టదు కదా. మళ్లీ తూచాను. కుడివైపు పెడితే ఎక్కువ. బొబ్బలు చిట్లినా సరే అని చేతులు మార్చి ఎడమవైపు పెట్టాను, తక్కువ. కుడి, ఎక్కువ. ఎడమ, తక్కువ. ఒక్క తులం బిళ్ల పెట్టి చూస్తే తేడా గింజకి లోపలే, ఎవరి లెక్కలోకీ రానంత. బరువు పెరిగే కొద్దీ తేడా పెరుగుతోంది. ఖాళీ త్రాసు మాత్రం దేవుడి ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడుతుంది. రోజూ పొద్దున మామయ్య దానికి దండం పెట్టి చూసేది ఆ ఖాళీ త్రాసునే.

దారం తీసుకుని దండెని కొలిచాను. నడిమి ఇరుసు నుంచి ఈ కొసకి, ఆ కొసకి. కుడి కొమ్ము పొడుగు. ఎంత? వెంట్రుకలు నాలుగైదు పక్కపక్కన పేరిస్తే ఎంతో అంత. కుడి కొస కొక్కెం కొత్తది, పోలీస్ యాక్షన్ ఏడాది త్రాసు కిందపడితే తనే మార్చానని మామయ్య గర్వంగా చెప్పేవాడు. కొక్కెం ఆ నాలుగైదు వెంట్రుకల మేర బయటికి కూర్చుంది. పొడుగు కొమ్మున ఉన్నది ఉన్నదానికంటే బరువు చూపుతుంది. ఖాళీ పళ్లాలని సరిచేయడానికి ఎడమ దాని అడుగున లక్క చుక్క అంటించి ఉంది, అది ఖాళీ త్రాసుని సరిచేస్తుంది, కొమ్ముని సరిచేయదు. ఇంటికొచ్చిన బంగారాన్ని ఈ పీట మీదే తూచి తీసుకుని, ఈ పీట మీదే తూచి ఇస్తాం, ఒకే చెయ్యి రెండుసార్లు తూస్తే తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది. మామయ్య తీసుకుని మామయ్య ఇస్తే సరి. మా ఆయన తీసుకుని మా ఆయన ఇచ్చినా సరి. ఆ ఒక్క పనికి మాత్రం కొడుకు ఎడమచేత్తో బరువులు వేసి తీసుకున్నాడు, తండ్రి కుడిచేత్తో వేసి ఇచ్చాడు. ఆరు తులాలకి తేడా నాలుగున్నర గింజల దాకా. ఎనిమిదికి ఎంత? నోటి లెక్కే. ఆరు. నేను గచ్చు మీద పడుకున్నాను కాసేపు. చల్లగా ఉంది. దొంగ లేడు. దొంగతనమే లేదు. వామన్‌రావుగారు ఆరు గింజలు ఉచితంగా పట్టుకెళ్లాడు, మేం మనిషిని ఉచితంగా పంపించేశాం.

మామయ్యతో ఎలా చెప్పడం? మీ త్రాసు తప్పంటే వాళ్ల నాన్నని తిట్టినట్టు. అందుకని కాలిన వేళ్లు చూపించాను. "ఎడమచేత్తో బరువులు వేయడం నాకు రావడం లేదు మామయ్యా, ఒక్కసారి మీరు వేసి చూపించండి." "గదేం విద్యనే?" అని త్రాసు అందుకుని ఆయనే కంటెని కుడి పళ్లెంలో పెట్టి బరువులు వేశాడు. ముల్లు చూడాల్సింది నేను. ఇంకో గింజ, ఇంకో గింజ. ఆరు తులాల మీద రెండు అన్నాను. ఇప్పుడు మామూలుగా వేయండి అన్నాను. ఆరుకి రెండు తక్కువ అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు, పొరలోంచి. "నీ కన్ను అబద్ధం చెప్తున్నది." "మీరు నేర్పిన కన్నే మామయ్యా." ఆ మాట అనుకుని అనలేదు, వచ్చేసింది. ఆయన త్రాసు కింద పెట్టి, చూపుడువేలితో ముల్లుని తడిమాడు, అది ఎటు ఒరిగిందో వేలితో చూద్దామని. తాకితే కదులుతుంది. మళ్లీ తాకాడు. మళ్లీ కదిలింది. వంటింట్లోంచి అత్తయ్య అంది, నేనైతే రెండేళ్లలో అంత పెద్ద గొంతు వినలేదు, "నీ కన్ను నువ్వు ఉంచుకో, నీ త్రాసు నువ్వు ఉంచుకో. నా కొడుకును నాకు తెచ్చియ్యి." ఆయన లేచి, కంటెని గుడ్డలో మూటకట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. అబిడ్స్‌లో గాజుపెట్టె కాటా ఉన్న దుకాణానికి. దీపాల వేళకి వచ్చాడు. డెబ్బై గ్రాములకి రవ్వ తక్కువ చూపిందట. ఆయనకి గ్రాములు రావు, నన్ను అడిగాడు. లెక్క కట్టాను. ఆరు తులాలు. తక్కువా కాదు, ఎక్కువా కాదు, రెండిటికీ సరిగ్గా నడుమ. "ఊఁ" అన్నాడు. అంతే. తర్వాత రెండు రోజులు కుంపటి వెలిగించలేదు. నేనూ దాని జోలికి పోలేదు, చల్లారనివ్వాలి కదా.

ఇవాళ పొద్దున, చీర మార్చుకో అన్నాడు.

"బొంబాయి! బొంబాయి పెంటయ్య పార్టీ! మూడో డబ్బా!"

లేచాం. గాజు తలుపు డబ్బాలో ఇద్దరు పట్టరు, ఆయన లోపల, నేను తలుపు పట్టుకుని బయట. సంచి నాకివ్వమన్నాను, ఇవ్వలేదు. రిసీవరు తలకిందులుగా పట్టుకుంటే తిప్పి ఇచ్చాను. "అలో! అలో! పెంటిగా?... నేన్రా. మీ నాయిన... ఆ... మంచిగున్నం. మీ అమ్మ మంచిగున్నది... ఆఁ? వానలా? ఈడ లేవు. ఆడ పడ్తున్నయా?" మూడు నిమిషాలిస్తారు. వానల గురించి మాట్లాడుతున్నాడు. "కామాక్షి గూడ మంచిగున్నది, చెయ్యి కాలింది... ఏం లేదు, తక్కువైంది... పని? ఉన్నది పని." మధ్యలో ఆగాడు. బరువులన్నీ అయిపోయి, ఇక వేయాల్సిన గింజ ఒక్కటే ఉన్నప్పుడు ఆయన చెయ్యి అలాగే ఆగుతుంది గాలిలో. అటు నుంచి ఏదో అడుగుతున్నట్టుంది, గరగరలోంచి సన్నగా, దోమ రొదంత, ఆ గొంతు. నేను తలుపుకి చెవి ఆనించాను. మాటలు తెలియలేదు. గొంతు తెలిసింది. రెండేళ్ల తర్వాత, గాజు అవతల, గట్టిగా మూడు గింజలుంటుందేమో, అంతే వినిపించింది.

"త్రాసు కొమ్ము పొడుగున్నదిరా" అన్నాడు మామయ్య. "కుడిది... ఇనబడ్తలేదా? కొమ్ము! కొక్కెం నేనే తప్పు బెట్టిన... నువ్వు తూచింది ఎడమచేత్తోని, నేను తూచింది కుడిచేత్తోని... అలో? అలో?" రిసీవరు చెవికి దూరంగా పట్టి చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు గొంతు చించుకుని అరిచాడు. కౌంటరు దగ్గర గుమాస్తా పెన్ను ఆపాడు, బల్ల మీద విజయవాడ పార్టీ, టెలిగ్రాము రాస్తున్న ముసలాయన అందరూ ఇటు తిరిగారు.

"నువ్వు తియ్యలేదురా! ఒక్క గింజ గూడ తియ్యలేదు!... ఏంది? మల్ల చెప్పాల్నా? చెప్త, ఇను! తప్పు నాది! నీది కాదు, నాది! నీ అయ్యది, భూమయ్యది! తప్పు నాదేరా పెంటిగా!"